హీట్ మ్యాప్ స్లైడులో రిస్కులన్నీ మధ్య గడుల్లోనే ఇరుక్కుంటే ఏం చేయాలి?

ప్రశ్న: వచ్చే వారం సమీక్ష కోసం రిస్కు హీట్ మ్యాప్ స్లైడు తయారు చేస్తున్నాను. ఒక వైపు జరిగే అవకాశం, ఇంకో వైపు ప్రభావం, మొత్తం 25 గడులు. 19 రిస్కులున్నాయి. సగానికి పైగా మధ్య గడుల్లోనే పడుతున్నాయి. పేర్లు పట్టించాలంటే అక్షరాలు మరీ చిన్నవి చేయాల్సి వస్తోంది. ఎలా సర్దాలి?

జవాబు:

అక్షరాల జోలికి ఇప్పుడే వెళ్లకండి. మధ్య గడులు కిక్కిరిశాయంటే తప్పు సాధారణంగా స్లైడులో ఉండదు, కొలబద్దలో ఉంటుంది. ఈ సంగతి నాకు ఒక సమావేశంలో పరువు పోయాక గానీ తెలియలేదు.

అప్పట్లో మేము పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి కొత్తదానికి మారుతున్నాం. నా పట్టికలో 17 రిస్కులు ఉంటే వాటిలో 11 రెండే రెండు గడుల్లో చేరాయి. నేను అక్షరాలను 8 పాయింట్లకు తగ్గించి ఎలాగోలా ఇరికించాను. మా డైరెక్టర్ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, "ఇందులో నేను పట్టించుకోవలసింది ఏది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

తిరిగి వచ్చాక, అంచనాలు ఇచ్చిన ముగ్గురినీ విడివిడిగా ఒకే ప్రశ్న అడిగాను: "అవకాశం మధ్యస్థం అని రాశారు, అంటే ఎంత?" ఒకరు పదింట ఒకటి అన్నారు, ఇంకొకరు సగానికి సగం అన్నారు. మూడో ఆయన నిజాయతీపరుడు, "తెలియనప్పుడు మధ్యలో పెట్టేస్తాను" అన్నారు. అర్థం చెప్పని కొలబద్ద ఇస్తే అందరూ మధ్యకే చేరతారు.

అందుకని అంకెలకు అర్థాలు రాశాం. వచ్చే ఆరు నెలల్లో జరిగే అవకాశం 5 శాతం లోపు అయితే 1, 20 లోపు 2, 50 లోపు 3, 80 లోపు 4, ఆపైన 5. ప్రభావాన్ని బిల్లింగ్ ఎంతసేపు ఆగిపోతుందన్న దానితోనే కొలిచాం: గంట లోపు అయితే 1, ఒక పూట 2, ఒక రోజు 3, వారం లోపు 4, వారం దాటితే 5. డబ్బు, పేరు, ఆలస్యం అన్నీ ఒకే అంకెలో కలిపితే మళ్లీ మధ్యకే వస్తాయి. మీకు రెండు మూడు రకాల ప్రభావాలు తప్పనిసరైతే ఒక్కొక్కదానికి విడిగా అర్థాలు రాసుకుని, వాటిలో ఎక్కువ వచ్చిన అంకెనే తీసుకోండి. సగటు తీయవద్దు.

ఉదాహరణకు "డేటా" అని రాసిన రిస్కు మొదట 3, 3 దగ్గర ఉండేది. అప్పటికి రెండు సార్లు ప్రయోగాత్మకంగా బదిలీ చేసి చూశాం, రెండు సార్లూ ఖాతాల నిల్వలు సరిపోలేదు. ఆ తప్పులు దిద్దడానికి మూడు నాలుగు రోజులు పట్టింది. కొత్త కొలబద్ద ప్రకారం అది అవకాశంలో 4, ప్రభావంలో 4. కీలక ఉద్యోగి మానేయడం అనే రిస్కు పక్కనే ఉండేది. ఆయన పని తెలిసినవారు మరొకరు ఉన్నారు కాబట్టి అది 2, 2కు దిగింది. అన్నీ ఇలా మళ్లీ వేశాక ఏ గడిలోనూ మూడుకు మించి మిగలలేదు.

ఇప్పుడు పేర్ల సంగతి. గడిలో వస్తువు పేరు రాయవద్దు, జరగబోయే సంఘటన రాయండి. "డేటా", "శిక్షణ", "సర్వర్" అని చూసినవారికి ఏమీ తెలియదు. "బదిలీలో నిల్వలు తప్పడం", "శిక్షణ గడువు దాటడం", "నెలాఖరున సర్వర్ ఆగడం" అంటే తెలుస్తుంది. నేను పట్టికను చేత్తో మూసి పేరొక్కటే చదివి చూస్తాను. "అయితే ఏమవుతుంది?" అని అడగాలనిపిస్తే పేరు ఇంకా కుదరనట్టే. "పర్యవేక్షణ లేదు" వంటివి కూడా రిస్కులు కావు, కారణాలు. కారణం, బాధ్యుడు, తీసుకుంటున్న చర్య రిస్కు రిజిస్టరులో ఉండాలి. స్లైడులోకి లాగితే మళ్లీ 8 పాయింట్ల దగ్గరికే చేరతారు.

చోటు లెక్క ఇలా ఉంటుంది. మామూలు వెడల్పు స్లైడు సుమారు 33.9 సెంటీమీటర్ల వెడల్పు, 19 సెంటీమీటర్ల ఎత్తు. శీర్షికకు, అక్షాల పేర్లకు వదిలేశాక పట్టికకు 20 బై 13 దొరుకుతుంది, అంటే గడికి 4 బై 2.6. తెలుగు అక్షరాలకు కింద వత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి వరుసల మధ్య ఇంగ్లీషు కంటే ఎక్కువ ఎడం కావాలి. 12 పాయింట్లలో మూడు వరుసలు పడతాయి, నాలుగోది పట్టదు. ఎనిమిది తొమ్మిది రిస్కుల వరకు పేర్లను గడుల్లోనే రాయండి. అంతకంటే ఎక్కువైతే గడిలో వరుస సంఖ్య వేసి కుడి పక్కన జాబితా ఇవ్వండి. చూపు అటూ ఇటూ తిప్పాలి కాబట్టి ఇది నాకు నచ్చదు, కానీ కనిపించని అక్షరాల కంటే నయం. నన్నడిగితే 19 చూపించవద్దు. ఎరుపులో ఉన్నవి, గత నెల నుంచి గడి మారినవి ఉంచి మిగతావి అనుబంధానికి పంపండి.

ఒక చిన్న విషయం చాలామంది గమనించరు. రిస్కులను గుండ్రాలుగా గీసి గడిలో ఎక్కడపడితే అక్కడ పెడితే, పై మూలకు దగ్గరగా ఉన్నది ఎక్కువ ప్రమాదమని చూసేవారు అనుకుంటారు. మీ అంచనాకు అంత సూక్ష్మత లేదు. అందుకే విడి ఆకారాలు కాకుండా పట్టికనే వాడి, పేర్లను గడి ఎడమ అంచు నుంచి వరుసగా రాయండి. పవర్‌పాయింట్‌లో పట్టికను ఎంచుకుని Layout ట్యాబులో Distribute Rows, Distribute Columns నొక్కితే గడులన్నీ సమానమవుతాయి.

రంగుల దగ్గర రెండు అంకెలను గుణించి నిర్ణయించే అలవాటు ఉంది. దాన్ని మానేయమంటాను. అవకాశం 5, ప్రభావం 1 అయితే లబ్ధం 5. అవకాశం 1, ప్రభావం 5 అయినా 5. మొదటిది దాదాపు తప్పకుండా వచ్చే చిన్న చికాకు, రెండోది వారానికి పైగా బిల్లులే రాని పరిస్థితి. రెండింటికీ ఒకే రంగు పడుతుంది. పైగా ఆ అంకెలు కేవలం వరుస క్రమం చెబుతాయి, 4 అంటే 2కు రెట్టింపు అని అర్థం కాదు. మేము డైరెక్టర్‌తోనే కూర్చుని ఒక్కో గడికి "ఇక్కడ పడితే ఎవరు కదలాలి?" అని అడిగి రంగు వేశాం. ఆయన వెంటనే నిర్ణయించాల్సినవి ఎరుపు, నెలనెలా అడగాల్సినవి పసుపు, బాధ్యుడే చూసుకునేవి ఆకుపచ్చ. ప్రభావం 5 ఉన్న వరుసలో ఒక్క ఆకుపచ్చ గడి కూడా మిగలలేదు. ఎరుపు, ఆకుపచ్చ మధ్య తేడా తెలియని కళ్లు కొందరివి, నలుపు తెలుపు ప్రింటులో ఎవరికీ తెలియదు. లేత రంగులు వేసి నల్లటి అక్షరాలు వాడండి, గడి మూలలో రంగు పేరులోని మొదటి అక్షరం కూడా పెట్టండి.

అక్షాల మీద ఉత్త అంకెలు వదలకుండా "20–50 శాతం", "ఒక రోజు" అని అర్థాలే రాయండి. మారిన రిస్కు పేరు పక్కన మాత్రమే పాత గడి నుంచి ఎటు వచ్చిందో చెప్పే చిన్న బాణం చాలు. తర్వాతి నెల సమావేశంలో మా డైరెక్టర్ ఎరుపు గడి మీద వేలు పెట్టి, "రెండు సార్లు నిల్వలు తప్పాయి కదా, మూడో ప్రయత్నం ఎప్పుడు?" అన్నారు. ఆ రోజు అరగంట దాని మీదే మాట్లాడుకున్నాం.