టెక్ సందేహాలు: ఫొటోలో దారం రంగు మారితే బ్యాగు నకిలీయేనా?

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్‌లో షనెల్ క్లాసిక్ ఫ్లాప్ బ్యాగు, మీడియం సైజు, లేత గోధుమ రంగు గొర్రెపిల్ల తోలుది ఒకటి చూశాను. అమ్మే ఆవిడ వాట్సాప్‌లో కొన్ని ఫొటోలు పంపారు. ఒక ఫొటోలో కుట్టు దారం తెల్లగా, మరో దాంట్లో పసుపుగా ఉంది. కింది మూలలు మాత్రం కొత్తవాటిలా మెరుస్తున్నాయి. కుట్లు లెక్కపెడితే అసలుదో కాదో తెలిసిపోతుందని మా స్నేహితురాలు అంటోంది. ఎలా లెక్కపెట్టాలి?

జవాబు: ముందుగా ఆ ఫొటోలలో మీరు చూడదలచినది అసలు నమోదై ఉందో లేదో తేల్చుకోవాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో, పొడవైన వైపు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోయి వస్తుంది. మీరు చెప్పిన బ్యాగు వెడల్పు సుమారు 25.5 సెంటీమీటర్లు. ఫొటోలో అది 1275 పిక్సెళ్ల మేర పరచుకుందనుకుంటే, ఒక మిల్లీమీటరుకు దక్కేది ఐదు పిక్సెళ్లే. రెండు మూడు మిల్లీమీటర్ల కుట్టు ఒక్కొక్కటి పది పదిహేను పిక్సెళ్లలో కనిపిస్తుంది కనుక లెక్కపెట్టడానికి ఎలాగో సరిపోతుంది. కానీ అర మిల్లీమీటరు మందం ఉన్న దారానికి మిగిలేవి రెండు మూడు పిక్సెళ్లు మాత్రమే.

దారం రంగు విషయంలో చిక్కంతా అక్కడే ఉంది. జేపెగ్ ఫొటో వెలుతురు సమాచారాన్ని ప్రతి పిక్సెల్‌కూ విడిగా భద్రపరుస్తుంది కానీ, రంగు సమాచారాన్ని సాధారణంగా పక్కపక్కన ఉన్న నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒక్కటిగా దాచుకుంటుంది. మన కంటికి వెలుతురులోని తేడా తెలిసినంతగా రంగులోని తేడా తెలియదు కనుక ఫైలు చిన్నదిగా ఉండడానికి చేసిన ఏర్పాటు అది. రెండు పిక్సెళ్ల దారం చుట్టూ గోధుమ రంగు తోలు ఉన్నప్పుడు ఆ తోలు రంగు దారంలోకి పాకుతుంది. దీనికితోడు గదిలోని పసుపు బల్బు వెలుతురును ఫోను ఒకసారి సరిదిద్ది, ఒకసారి సరిదిద్దకుండా వదిలేస్తే, ఒకే దారం ఒక ఫొటోలో తెల్లగానూ మరోదాంట్లో పసుపుగానూ వస్తుంది. కాబట్టి మీరు చూసిన తేడాను బట్టి బ్యాగు నకిలీదని చెప్పలేము, అసలుదని కూడా చెప్పలేము.

అందుకని అమ్మకందారును కొత్త ఫొటోలు అడగండి. పగటిపూట కిటికీ పక్కన, ఫ్లాష్ వేయకుండా, వెలుతురు బ్యాగు మీద ఒక పక్కనుంచి వాలుగా పడేలా పెట్టి తీయమనండి. అలా తీస్తే ప్రతి సూది రంధ్రం పక్కన చిన్న నీడ పడి కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో స్పష్టమవుతుంది. ఫ్లాష్ ఆ నీడలన్నిటినీ చెరిపేస్తుంది. పోర్ట్రెయిట్ మోడ్ వద్దని తప్పక చెప్పండి, ఎందుకంటే అది అంచులను తనకు తోచినట్లు మసకబారుస్తుంది. ఎనిమిది సెంటీమీటర్ల మేర మాత్రమే ఫ్రేములో వచ్చేలా దగ్గరగా తీసి, వాట్సాప్‌లో ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైలు చెక్కుచెదరకుండా వస్తుంది. 4000 పిక్సెళ్ల వెడల్పు ఉన్న ఆ ఫొటోలో మిల్లీమీటరుకు 50 పిక్సెళ్లు, దారానికి పాతిక పిక్సెళ్లు దక్కుతాయి.

ఇక లెక్కకు వద్దాం. సెంటీమీటరుకు ఎన్ని కుట్లున్నాయని ఫొటోలో కొలవడం వల్ల లాభం లేదు, కెమెరా కొంచెం వంగినా ఆ కొలత తప్పుతుంది. ఈ బ్యాగు మీద వజ్రాకారపు గడులు ఉండడం మన అదృష్టం: ఒక గడి భుజం ఈ చివరి నుంచి ఆ చివరి వరకు ఎన్ని కుట్లున్నాయో లెక్కపెడితే చాలు, ఫొటో ఏ కోణంలో తీసినా ఆ సంఖ్య మారదు. ముందు భాగం మధ్యలో ఉన్న పూర్తి గడిని ఎంచుకోండి. అతుకుల దగ్గర సగం తెగిన గడులు పనికిరావు. రెండు గీతలు కలిసే చోటు నుంచి మొదలుపెట్టి, రంధ్రాలను కాక వాటి మధ్య పైకి కనిపించే దారపు ముక్కలను లెక్కించండి. రంధ్రాలను లెక్కిస్తే ఒకటి ఎక్కువ వస్తుంది, చాలామంది పొరపడేది ఇక్కడే. నాలుగు భుజాలకూ లెక్కపెట్టి, తర్వాత మరో గడిలో సరిచూసుకోండి.

క్లాసిక్ ఫ్లాప్ మీడియంలో ఒక్కో భుజానికి సాధారణంగా తొమ్మిదికి తగ్గకుండా, తరచుగా పది పదకొండు కుట్లు ఉంటాయి. ఆ మెత్తని గొర్రెపిల్ల తోలు కింద పలుచని మెత్త ఉంటుంది. కుట్లు దగ్గరగా ఉంటేనే ఆ మెత్త తన గడిలో కదలకుండా నిలిచి, ఏళ్లు గడిచినా గడి ఆకారం చెడదు. కుట్లు దూరమైతే రెండు రంధ్రాల మధ్య తోలు ఉబ్బి, భుజం తిన్నని గీతలా కాక ముడతలు పడినట్లు కనిపిస్తుంది. ఉదాహరణకు, మీకు నాలుగు భుజాల్లో ఏడు, ఏడు, ఎనిమిది, ఏడు వచ్చి, భుజాల వెంట ఆ ఉబ్బు కూడా కనిపించిందనుకోండి, ఆ బ్యాగును నేనైతే అక్కడితో వదిలేస్తాను. పది, పది, పదకొండు, పది వస్తే మాత్రం ఈ ఒక్క పరీక్షలో నెగ్గిందని మాత్రమే అర్థం. మంచి నకిలీలు తయారుచేసేవారికి ఈ సంఖ్య బాగా తెలుసు. పైగా తయారైన ఏడాదిని బట్టి, సైజును బట్టి లెక్క కొంత మారుతుంది కనుక, అదే సైజులో అదే కాలానికి చెందిన బ్యాగు ఫొటోలతో పోల్చి చూడాలి.

దారం రంగును దగ్గరి ఫొటోలోనే చూడండి. ఫ్రేములో ఒక తెల్ల కాగితం ఉండేలా తీయమని చెప్పి, స్నాప్‌సీడ్‌లోని White Balance పరికరంలో ఉండే డ్రాపర్‌ను ఆ కాగితం మీద పెడితే రంగులు సర్దుకుంటాయి. ఆ తర్వాత కూడా దారం ఏ రంగు అన్న ప్రశ్న వేయకండి. తోలుతో పోలిస్తే దారం ఎంత తేడాగా ఉంది, ఆ తేడా బ్యాగు అంతటా ఒకేలా ఉందా అని చూడండి. ఒకే ఫొటోలోని రెండు రంగుల మధ్య పోలికను నమ్మినంతగా, రెండు వేర్వేరు ఫొటోల మధ్య పోలికను నమ్మలేము.

మెరుస్తున్న మూలల విషయం కూడా ఈ పోలికతోనే తేలుతుంది. గొర్రెపిల్ల తోలు ఎంత మెత్తనిదంటే, వాడిన బ్యాగులో మొట్టమొదట రంగు పోయేది కింది నాలుగు మూలల్లోనే. తక్కిన బ్యాగు మీద గీతలూ పట్టుకున్న గుర్తులూ ఉండి మూలలు మాత్రం కొత్తగా ఉంటే, వాటికి మళ్లీ రంగు వేశారని అనుమానించాలి. మూలకు ఆనుకుని ఉన్న చివరి కుట్లను పెద్దవి చేసి చూడండి. మధ్య గడుల్లో దారం తోలు కంటే కాస్త లేతగా, దాని పురి పోగులు విడివిడిగా కనిపిస్తూ ఉండి, మూల దగ్గరకు వచ్చేసరికి దారం కూడా తోలు రంగులోకి మారి, పురి పూడుకుపోయి, సూది రంధ్రాలు సగం మూసుకున్నట్లుంటే అక్కడ బ్రష్ తగిలిందన్నమాట. అది నకిలీ అని చెప్పే ఆధారం కాదు, అసలు బ్యాగుకు కూడా అలా రంగు వేయిస్తారు. కానీ ధర తగ్గించమని అడగడానికి అది గట్టి కారణమే, ఆ సంగతి మీకు ముందుగా చెప్పలేదంటే మిగతా మాటలను ఇంకొంత జాగ్రత్తగా వినాలి. అదే మూలలో తోలు మడత పక్కకు పోగై గట్టిగా బొడిపె కట్టి ఉన్నా, ఎడమ మూల ఒక వంపుతో, కుడి మూల మరో వంపుతో ఉన్నా అది రంగుకు సంబంధించిన విషయం కాదు, తయారీలోని లోపం. మూలలు నాలుగూ ఒకే ఫొటోలో వచ్చేలా బ్యాగును బోర్లించి అడుగు భాగం తీయించుకుంటే ఇది చూడడం తేలిక.

వెనుక జేబు మీది గడుల గీతలు కింది తోలు మీది గీతలతో కలుస్తున్నాయో లేదో కూడా ఒక ఫొటో అడగండి, అక్కడ గీత విరిగితే అది పెద్ద అనుమానమే. ఇవన్నీ సరిగ్గా ఉన్నా, తోలు వాసన, బరువు, గొలుసు చప్పుడు, లోపలి వరుస సంఖ్య, 2021 తర్వాతి బ్యాగైతే స్టిక్కరు బదులు లోపల బిగించిన చిన్న లోహపు పలక, ఇవి చేతిలోకి తీసుకుంటే తప్ప తేలవు. కనుక ఫొటోలు నచ్చినా డబ్బు మొత్తం ముందే పంపకండి. బ్యాగును తెలిసినవారి చేత చూపించుకుని, తేడా ఉంటే వెనక్కి ఇచ్చే వీలు కాగితం మీద రాయించుకున్నాకే చెల్లించండి.