చార్జర్ తీసినా స్పీకర్‌లో గుయ్‌మనే శబ్దం

"ల్యాప్‌టాప్, మానిటర్, పవర్డ్ స్పీకర్లు. ఎప్పుడూ గుయ్‌మంటోంది. చార్జర్ తీసి చూశాను, తగ్గలేదు. స్పీకర్ పోయినట్టేనా? మాది విశాఖ, ఎంవీపీ కాలనీ."

చాలావరకు ఇది గ్రౌండ్ లూపే, అంటే ఎర్త్‌కు ఒకటి కంటే ఎక్కువ దారులు ఏర్పడి, వాటి మధ్య తిరిగే కరెంటు స్పీకర్‌లో మోగడం. చార్జర్ తీసినా ఎర్త్ మానిటర్ హెచ్‌డీఎంఐ కేబుల్ గుండా వస్తూ ఉండాలి.

1. వాల్యూమ్ తగ్గించి, ఆడియో కేబుల్‌ను స్పీకర్ వెనక నుంచి తీయండి. అయినా మోగితే లోపం స్పీకర్‌లోనే, మెకానిక్‌కు ఇవ్వండి.

2. ఆగిపోతే కేబుల్ మళ్లీ పెట్టి, ల్యాప్‌టాప్ నుంచి చార్జర్, హెచ్‌డీఎంఐ, ల్యాన్ మూడూ ఒకేసారి తీయండి. అందరూ తప్పేది ఇక్కడే: ఒకటి తీసి, చూసి, మళ్లీ పెట్టి ఇంకొకటి తీస్తారు. ఏ ఒక్కటి మిగిలినా ఎర్త్‌కు దారి ఉండిపోవచ్చు, మోత ఆగకపోవచ్చు. నిశ్శబ్దమయ్యాక ఒక్కొక్కటే తగిలించండి. ఏది పెట్టగానే మోగిందో అదే దోషి.

3. స్పీకర్, మానిటర్, చార్జర్ మూడింటినీ ఒకే త్రీపిన్ ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెట్టండి. మా ఇంట్లో మానిటర్ వేరే గోడ ప్లగ్గులో ఉండేది, మార్చగానే పోయింది. పోకపోతే ఆడియో కేబుల్ మధ్యలో 3.5 మి.మీ. గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టండి. చవక రకాల్లో బేస్ కొంచెం పలచబడుతుంది. ఎర్త్ పిన్ను మాత్రం విరవకండి, షాక్ కొడుతుంది.

4. అన్నీ తీసినా శబ్దం ఉంటే కేబుల్‌ను అనుమానించండి. జాక్‌ను వేళ్లతో మెల్లగా తిప్పండి. చిటపటలాడితే తీగ లోపల తెగిందో, మన సముద్రపు గాలికి పిన్ను పచ్చబడిందో. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి చూడండి, లేదంటే కొత్త కేబుల్.