గాల్వనామీటర్‌లో sinθ ఎక్కడికి పోయింది?

ప్రశ్న: తీగచుట్ట మీద టార్క్ NIAB sinθ అని ఒక పేజీలో, గాల్వనామీటర్ దగ్గరికొచ్చేసరికి NIAB అని ఇంకో పేజీలో ఉంది. sinθ ఎందుకు తీసేశారు?

ఎవరూ తీసేయలేదండీ. దాని విలువ ఎప్పుడూ 1 ఉండేలా మీటర్‌నే అలా తయారుచేశారు. నేను చాలా ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను, ఈ డౌట్‌కి మూలం పుస్తకాల్లో బొమ్మలే అని నా గట్టి నమ్మకం. N, S అని రెండు చదును దిమ్మెలు గీసి మధ్యలో ఒక చట్రాన్ని వేలాడదీస్తారు. అలాంటి మీటర్ ఏ ల్యాబ్‌లోనూ ఉండదు. ఒక్కదాన్ని విప్పి చూపిస్తే గంట క్లాసు మిగులుతుంది, కానీ మీటర్ ముట్టుకోనివ్వరు, డెరివేషన్ మాత్రం బట్టీ పట్టిస్తారు.

మా ల్యాబ్‌లో ఒక గాల్వనామీటర్ మొండికేసింది. మధ్యలో సున్నా, అటూ ఇటూ 30 గీతలుండే రకం. ఎడమవైపు చివరిదాకా వెళ్తోంది, కుడివైపు మాత్రం 18 దగ్గర ఆగిపోతోంది. కరెంట్ పెంచినా కదలదు, గాజు మీద వేలితో తడితే ఒక్కసారిగా రెండు గీతలు దూకుతుంది. "స్ప్రింగ్ పోయింది సార్, కొత్తది తెప్పిద్దాం" అన్నాడు అటెండర్. స్ప్రింగ్ పోతే రెండు వైపులా తేడా రావాలి కదా, ఒకవైపే ఆగుతోందంటే దారిలో ఏదో అడ్డముంది. మూత తీశాం. అయస్కాంతం ధ్రువాలు లోపలికి గుండ్రంగా తొలిచి ఉన్నాయి, వాటి మధ్య మెత్తని ఇనుప స్థూపం కదలకుండా బిగించి ఉంది. తీగచుట్ట తిరిగేది ఆ స్థూపానికీ ధ్రువాలకీ మధ్య ఉన్న సన్నటి సందులో. సరిగ్గా అక్కడ ఇనుప రజను ముక్క ఒకటి నిక్కబొడుచుకుని నిలబడింది. అదే బల్ల మీద క్షేత్ర రేఖల ప్రయోగం చేయిస్తారు, రజను అంతా అక్కడే చల్లుతారు, ఎన్నిసార్లు వద్దన్నా వినరు! అగ్గిపుల్ల కొసకి జిగట పైకి వచ్చేలా టేపు చుట్టి దాన్ని లాగాం. స్టీలు పట్టకారు మాత్రం పెట్టకండి, అయస్కాంతం దాన్ని లాక్కుంటే తీగచుట్ట దెబ్బతింటుంది.

అంత చిన్న ముక్క ఎలా ఆపగలిగింది? లెక్క వేయండి. 100 చుట్లు, నిలువు భుజం 2 సెం.మీ., వెడల్పు 1.5 సెం.మీ., క్షేత్రం 0.2 టెస్లా, కరెంట్ 1 మిల్లీ ఆంపియర్ అనుకుందాం. ఒక్కో నిలువు భుజం మీద బలం NIBl, అంటే 0.0004 న్యూటన్. ఇంచుమించు రెండు బియ్యపు గింజల బరువు, అంతే. రెండు భుజాల మీద బలాలు ఎదురెదురు దిశల్లో ఉంటాయి కాబట్టి బలయుగ్మం ఏర్పడి 0.000006 న్యూటన్ మీటర్ టార్క్ వస్తుంది. పైనా కిందా ఉన్న అడ్డ భుజాలు తిప్పడానికి పనికిరావు.

ఇక మీ sinθ. ఆ θ క్షేత్రానికీ తీగచుట్ట తలానికి గీసిన లంబానికీ మధ్య కోణం, తలంతో చేసే కోణం కాదు. సగం గందరగోళం ఇక్కడే. సందులో క్షేత్ర రేఖలు ధ్రువం నుంచి స్థూపంలోకి వ్యాసార్ధం వెంట వెళ్తాయి, కాబట్టి తీగచుట్ట ఎంత తిరిగినా దాని తలం రేఖల వెంటే ఉంటుంది, θ ఎప్పుడూ 90 డిగ్రీలే. అంటే ఇది ఏకరీతి క్షేత్రం కాదు, పరిమాణం ఒకటే, దిశ మాత్రం చోటుకో రకం. ఎగ్జామ్‌లో ఈ మాట రాయండి.

స్థూపం, వంపు లేకపోతే ఏమయ్యేదో చూడండి. పై మీటర్‌లో 1 మిల్లీ ఆంపియర్‌కి సూది 60 డిగ్రీలు తిరిగేలా స్ప్రింగ్ పెట్టామనుకుందాం. సూది తిరిగిన కోణం φ అయితే స్ప్రింగ్ టార్క్ kφ, కరెంట్‌ది NIAB, రెండూ సమానమైన చోట సూది ఆగుతుంది. కాబట్టి సగం కరెంట్‌కి సరిగ్గా 30 డిగ్రీలు. అదే క్షేత్రం 0.2 టెస్లాగానే ఉండి ఏకరీతిగా ఉంటే, సున్నా దగ్గర తలం రేఖల వెంట ఉన్నా, తిరిగేకొద్దీ టార్క్ NIAB cosφ అయి తగ్గిపోతుంది. అప్పుడు 30 డిగ్రీలకి 0.58, 60 డిగ్రీలకి ఏకంగా 2 మిల్లీ ఆంపియర్లు కావాలి. మొదట్లో గీతలు దూరంగా, చివర్లో ఇరుకుగా వస్తాయి.

ఈ ఏర్పాటుకీ హద్దుంది. ధ్రువాల వంపు ముగిసే అంచుల దగ్గర క్షేత్రం పలచబడుతుంది, అక్కడ టార్క్ మళ్లీ తగ్గుతుంది. మామూలు మీటర్లలో సూది మొత్తం ప్రయాణం 90 డిగ్రీల దగ్గరే ఆపి, రెండు పక్కలా చిన్న అడ్డుపుల్లలు పెట్టేది అందుకే.