గుక్క గుక్కగా తాగే కూల్‌డ్రింక్, పుచ్చిపోయే పళ్ళు

"రోజుకి ఒక్క బాటిలే తాగుతా, అదీ కొంచెం కొంచెంగా, అయినా పళ్ళు ఎందుకు పుచ్చుతున్నాయి?"

ఆ కొంచెం కొంచెంగా తాగడమే అసలు సమస్య అండి. పంటి పాచిలో ఉండే బాక్టీరియాకి చక్కెర తగిలిన కొద్ది నిమిషాల్లోనే యాసిడ్ తయారవుతుంది, పీహెచ్ సుమారు 5.5 కంటే కిందకి పడితే ఎనామిల్‌లో ఖనిజాలు కరగడం మొదలవుతుంది, ఆ తర్వాత లాలాజలం ఆ యాసిడ్‌ని మెల్లగా విరిచేసి కరిగినదాంట్లో కొంత మళ్ళీ పంటికి చేరుస్తుంది, కానీ దానికి అరగంట నుంచి గంట టైమ్ కావాలి.

ఇప్పుడు మీరు ఆఫీసులో 10 గంటలకి మూత తీసి 20 నిమిషాలకో గుక్క చొప్పున ఒంటిగంట దాకా లాగించారనుకోండి, లాలాజలం పని సగంలో ఉండగానే మళ్ళీ చక్కెర వచ్చి పడుతుంది, మూడు గంటలకి పైగా పళ్ళు యాసిడ్‌లోనే నానతాయి. అదే బాటిల్ భోజనంతో పాటు పది నిమిషాల్లో తాగేస్తే దాడి ఒక్కసారే, పైగా నములుతుంటే లాలాజలం బాగా ఊరుతుంది. అలాగని ఎక్కువ తాగినా పర్లేదని కాదు, చక్కెర మొత్తం కూడా లెక్కే. చక్కెర టీ, ప్యాకెట్ జ్యూస్‌లకీ ఇదే వర్తిస్తుంది.

అద్దంలో చిగురు అంచున సుద్దలాంటి తెల్ల మచ్చలు కనిపిస్తే అది మొదటి దశ, గుంట పడకముందే డెంటిస్టుకి చూపించండి, ఫ్లోరైడ్‌తో అక్కడే ఆపే వీలుంటుంది.