తీర్పు పక్కన పెట్టి, జరిగింది రాయండి

"స్నేహితురాలు నమ్మి చెప్పిన సంగతి నలుగురిలో బయటపెట్టాను. దాని గురించి రాద్దామంటే 'నేను నీచుణ్ణి' దగ్గరే ఆగిపోతున్నా."

"నీచుణ్ణి" అనేది తీర్పు. దానితో మొదలుపెడితే ఇక చెప్పడానికేమీ మిగలదు.

1. చేసిన పని ఒక్క వాక్యంలో రాయండి: "ఆమె ఉద్యోగం పోయిందని అందరి ముందూ చెప్పేశాను." "నోరు జారింది" అనొద్దు, జారింది నోరు కాదు.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఆమెకు ఏమైందో రాయడం. మీ కళ్లతో చూసిందే రాయండి: "తల దించుకుంది. సగంలోనే లేచి వెళ్లిపోయింది. మూడు వారాలు ఫోన్ ఎత్తలేదు." ఆమె మనసులో ఏముందో ఊహించకండి. తిట్టుకుంటున్నంతసేపూ పేజీ నిండా మీరే ఉంటారు, ఆమె కనిపించదు.

3. మర్నాడు చదివి, "నేనెంత..." అని మొదలయ్యేవి కొట్టేయండి. బాధ ఒక్క వాక్యంలో చెబితే చాలు.

ఎవరికైనా చూపించే ముందు ఆమెను అడగండి. లేదంటే అదే రహస్యం రెండోసారి బయటపెట్టినట్టవుతుంది.