వేధింపుల ఫిర్యాదు అందిన తొలి రోజుల్లో మేనేజర్ బాధ్యత

ప్రశ్న: నేను 12 మంది ఉన్న టీమ్‌కు మేనేజర్‌ని. నిన్న సాయంత్రం మా టీమ్‌లోని ఒక అమ్మాయి నాకు ఈమెయిల్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు పంపింది. మా టీమ్ లీడ్ రాత్రివేళ వ్యక్తిగత మెసేజ్‌లు పెడుతున్నాడనీ, బయటికి రమ్మంటే రానన్నాక మీటింగుల్లో తన రూపం గురించి వ్యాఖ్యలు చేస్తున్నాడనీ రాసింది. చివరిసారి ఇలా జరిగి 5 వారాలైందట. ఆమె అప్రైజల్ రేటింగ్ వచ్చే నెలలో ఆ లీడే ఇవ్వాలి. అతను నాకు ఏళ్ల తరబడి తెలిసినవాడు, అతని మీద ఇంతవరకు ఒక్క మాట రాలేదు. ముందు అతనితో విడిగా మాట్లాడి, ఆమెను వేరే ప్రాజెక్టుకు మార్చేస్తే గొడవ లేకుండా పోతుందని కొందరంటున్నారు. ఇద్దరికీ అన్యాయం జరగకుండా నేను ముందుగా ఏం చేయాలి?

జవాబు: ఆయనను ఇప్పుడు పిలిచి మాట్లాడవద్దు, ఆమెను ప్రాజెక్టు మార్చవద్దు. మీకు ఇచ్చిన ఆ రెండు సలహాలూ సదుద్దేశంతో ఇచ్చినవే కావచ్చు గానీ, మొదటిది ఇద్దరికీ, రెండవది ముఖ్యంగా ఆమెకు నష్టం చేస్తుంది.

మీరు చెప్పిన వివరాలను బట్టి ఇది లైంగిక వేధింపుల ఫిర్యాదు. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం ప్రకారం, 10 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతి సంస్థలోనూ ఒక అంతర్గత కమిటీ ఉండాలి. దానికి సీనియర్ స్థాయి మహిళా ఉద్యోగి అధ్యక్షత వహిస్తారు, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు ఉంటారు, సంస్థకు బయటి వ్యక్తి ఒకరు తప్పనిసరిగా ఉంటారు. ఆరోపణ నిజమా కాదా అని తేల్చే అధికారం ఆ కమిటీదే తప్ప మేనేజర్‌ది కాదు, హెచ్.ఆర్. విభాగానిదీ కాదు. ఫిర్యాదును చెదరకుండా కమిటీకి చేర్చడం, అది చేరేలోగా ఇద్దరిలో ఎవరి పరిస్థితీ దిగజారకుండా చూడడం, ఇవే ఈ దశలో మీ పనులు. (ఫిర్యాదు చేసినది పురుషుడైతే ఈ చట్టం వర్తించదు; అప్పుడు సంస్థ సొంత నియమావళి ప్రకారం నడవాలి. అయినా మేనేజర్‌గా మీరు పాటించవలసిన జాగ్రత్తలు దాదాపు ఇవే.)

విడిగా మాట్లాడడం ఎందుకు హానికరమో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే నా అనుభవంలో మంచి మేనేజర్లు సైతం ఎక్కువగా పొరబడేది ఇక్కడే. మీరు ఆయనను గదిలోకి పిలిచి "నీ మీద ఇలా ఒక మాట వచ్చింది, ఏంటి సంగతి?" అని అడిగారనుకోండి. ఫిర్యాదు ప్రతి ఆయన చేతిలో లేదు, ఏ తేదీన ఏ మెసేజ్ గురించి అడుగుతున్నారో తెలియదు, ఆలోచించుకునే వ్యవధి లేదు. కంగారులో "ఏదో సరదాకి పెట్టాను" అన్నా, "అసలు నేనేమీ పంపలేదు" అన్నా, ఆ మాటకు మీరు సాక్షి అవుతారు. తర్వాత కమిటీ ముందు ఆయన ఇచ్చే జవాబు దానికి భిన్నంగా ఉంటే, పూర్తి వివరాలు తెలియకుండా చెప్పిన ఆ మొదటి మాటే ఆయన మెడకు చుట్టుకుంటుంది. ఇక ఆమె వైపు నుంచి చూస్తే, అదే రాత్రి ఆయన ఆమెకు ఫోన్ చేసి బతిమాలవచ్చు, బెదిరించవచ్చు, లేదా మెసేజ్‌లు తుడిచేయవచ్చు. అవేవీ చేయని మనిషే అయినా, చేసే అవకాశాన్ని మీ చేతులతో మీరే ఇచ్చినట్టవుతుంది. ఆరోపణ ఎదుర్కొంటున్న వ్యక్తికి ఫిర్యాదు సంగతి తెలియజేయడానికి నిబంధనల్లో ఒక క్రమం ఉంది. కమిటీ తనకు ఫిర్యాదు అందిన 7 పనిదినాల్లోగా దాని ప్రతిని ఆయనకు పంపాలి. అది అందిన 10 పనిదినాల్లోగా ఆయన తన జవాబును, పత్రాలను, సాక్షుల వివరాలను ఇవ్వాలి. ఆయనకు న్యాయం జరగాలన్న మీ ఆలోచన సరైనదే, ఆ న్యాయం ఆయనకు దొరికేది ఈ దారిలోనే.

కాబట్టి ముందు ఆమెకు ఈ రోజే రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. అది క్లుప్తంగా ఉండాలి. "మీరు ఫలానా తేదీన పంపిన ఫిర్యాదు నాకు అందింది. దీనిని విచారించవలసినది అంతర్గత కమిటీ. మీరు సమ్మతి తెలిపిన వెంటనే యథాతథంగా వారికి పంపుతాను. మీరు నేరుగా ఇవ్వాలనుకుంటే కమిటీ సభ్యుల వివరాలు దీనితో జతచేశాను. ఈలోగా మీకు పనిలో ఏ ఇబ్బంది ఎదురైనా నాకు తెలియజేయండి" అంటే సరిపోతుంది. "అతను అలాంటివాడు కాదే" అనిగానీ, "అతన్ని వదిలిపెట్టను" అనిగానీ నోటితోనైనా అనవద్దు, ఎందుకంటే ఆ రెండూ విచారణకు ముందే తీర్పు చెప్పే మాటలే. ఎవరికీ తెలియనివ్వనని మాట ఇవ్వడం కూడా సరికాదు, ఎందుకంటే కమిటీకీ, ఆయనకూ తెలియక తప్పదు. తెలియవలసిన వారికి తప్ప మరెవరికీ తెలియనివ్వనని మాత్రం మీరు నిజాయితీగా చెప్పగలరు. ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదని అడగవద్దు. ఆమె రాసినదాన్ని సరిదిద్దడం, క్లుప్తపరచడం, తీవ్రత తగ్గించి తిరిగి రాయమనడం అసలే చేయవద్దు.

ఇక్కడ గడువు సంగతి గమనించాలి. సంఘటన జరిగిన 3 నెలల్లోగా, వరుసగా జరిగితే చివరి సంఘటన నుంచి 3 నెలల్లోగా, కమిటీకి రాతపూర్వక ఫిర్యాదు అందాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరో 3 నెలల వరకు గడువు పొడిగించవచ్చు, అయితే ఆ కారణాలను రాతలో నమోదు చేయాలి. మీ విషయంలో 5 వారాలు గడిచాయి కనుక ఇబ్బంది లేదు. కానీ ఫిర్యాదు మేనేజర్ ఇన్‌బాక్స్‌లో ఉండిపోతే అది కమిటీకి ఇచ్చినట్టు కాదని ఎవరైనా వాదించవచ్చు. చెప్పుకోవలసిన చోటే చెప్పుకున్నానని ఆమె అనుకుంటూ ఉండగా రోజులు గడిచిపోతాయి. అందుకే ఆమె సమ్మతి అందిన రోజే పంపించి, పంపిన తేదీ, సమయం మీ దగ్గర రాసి పెట్టుకోండి. చట్టం ప్రకారం విచారణ 90 రోజుల్లో పూర్తి కావాలి. మీ వైపు నుంచి జాప్యం జరగలేదని చూపే ఆధారం ఆ రాతే.

తర్వాతది అప్రైజల్, మీ ప్రశ్నలో అన్నిటికంటే తక్షణంగా తేల్చవలసిన విషయం ఇదే. ఎవరిపై ఫిర్యాదు చేసిందో ఆ వ్యక్తి చేతిలోనే ఆమె రేటింగ్ ఉండకూడదు. రేటింగ్ తగ్గితే ఆమెకు కక్షసాధింపులా కనిపిస్తుంది; ఎక్కువ ఇస్తే ఆమె నోరు మూయించడానికి ఇచ్చాడని రేపు ఆయన మీదే మరో మాట వస్తుంది. ఆమె రాతపూర్వకంగా కోరితే, విచారణ జరుగుతున్నంత కాలం ఆమె పనితీరుపై ఆయన నివేదిక ఇవ్వకుండా నిలిపి, ఆ పని వేరొకరికి అప్పగించాలని కమిటీ సిఫారసు చేయవచ్చు. అలాగే ఆమె కోరితే ఇద్దరిలో ఒకరిని మరోచోటికి బదిలీ చేయాలని, లేదా ఆమెకు 3 నెలల వరకు సెలవు ఇవ్వాలని కూడా కమిటీ సూచించవచ్చు. ఆ సెలవు ఆమెకు మామూలుగా రావలసిన సెలవులకు అదనం. ఈ హక్కు తనకుందని చాలామందికి తెలియదు, కనుక ఆమెకు తెలియజేయడం పక్షపాతం కాదు. కమిటీ మాట వచ్చేలోగా రేటింగులను వేరొకరు పరిశీలించే ఏర్పాటు మీ అధికార పరిధిలో ఉంటే, కారణం బయటపెట్టకుండా ఆ ఏర్పాటు చేయండి. ఆయన మీకు ఏళ్లుగా తెలిసినవారు కనుక ఆ పరిశీలన మీరే చేయడం మంచిది కాదు, ఆ పరిచయం సంగతిని కూడా కమిటీకి మీరే ముందుగా తెలియజేయండి.

ఆమెను వేరే ప్రాజెక్టుకు మార్చడం వేరు సంగతి. ఆమె కోరకుండా మారిస్తే, ఆమె మంచికే చేశానని మీరు అనుకున్నా, టీమ్ కంటికి ఫిర్యాదు చేసినందుకు శిక్ష పడిన మనిషిలా కనిపిస్తుంది. అలాగని ఆయనను ఉన్నపళంగా మీటింగుల నుంచి తప్పించి, పని లాక్కుని కూర్చోబెట్టడమూ న్యాయం కాదు, ఎందుకంటే ఏ నిర్ధారణా లేకుండానే ఆయన దోషిగా ముద్ర వేయించుకుంటారు. ఆయన పని ఆయనను చేసుకోనివ్వండి, ఎప్పుడూ మాట్లాడినట్టే మాట్లాడండి. ఆమె, ఆయన ఒంటరిగా కలిసి పనిచేయవలసిన సందర్భాలను మాత్రం, రాత్రివేళ ఇద్దరే కలిసి చేసే పనులను మాత్రం, మామూలు పని పంపకంలో భాగంగా వేరేగా సర్దండి.

ఆధారాల విషయంలో మీరు చేయవలసింది తక్కువే. ఆమె ఈమెయిల్‌ను జోడింపులతో సహా చెరిపివేయకుండా భద్రపరచండి. ఆఫీసు చాట్‌లు కొంతకాలానికి వాటంతటవే తొలగిపోయే ఏర్పాటు ఉంటే, ఆ సంగతి కమిటీకి రాసే లేఖలోనే చెప్పండి, వాటిని నిలిపి ఉంచమని వారు కోరగలరు. ఎవరి ఫోన్‌నూ మీరు అడగవద్దు, చూడవద్దు. "అతను మీతో కూడా ఇలా ఉన్నాడా?" అని మిగతా అమ్మాయిలను వాకబు చేయడం ఇంకా పెద్ద పొరపాటు. అలా చేస్తే ఒకవైపు ఫిర్యాదు సంగతి బయటకు పొక్కుతుంది, మరోవైపు రేపు వచ్చే సాక్ష్యం మీరు నూరిపోసినదేనన్న వాదనకు ఆస్కారం ఏర్పడుతుంది. ఇద్దరి పేర్లను, సాక్షుల పేర్లను, ఫిర్యాదు సారాంశాన్ని బహిరంగపరచడాన్ని చట్టం నిషేధించింది. అలా చేసిన బాధ్యులకు జరిమానా ఉంది.

కూర్చోబెట్టి రాజీ చేయమని కూడా మిమ్మల్ని ఎవరో ఒకరు అడుగుతారు. రాజీకి చట్టంలో చోటుంది గానీ, ఫిర్యాదు చేసిన మహిళే కోరాలి, విచారణ మొదలుకాక ముందే కోరాలి, కమిటీ ద్వారానే జరగాలి, డబ్బు ప్రాతిపదికగా జరగకూడదు. మీరు ఇద్దరినీ గదిలో కూర్చోబెట్టి జరిపించే సర్దుబాటు దీని కిందికి రాదు. అలాగే, రుజువు కాకపోతే ఆమె మీద చర్య ఉంటుందని ఎవరైనా ఆమెను భయపెడితే అది తప్పని చెప్పండి: తెలిసి తెలిసి అబద్ధపు ఫిర్యాదు చేసినట్టు, దురుద్దేశంతో చేసినట్టు విచారణలో తేలితేనే చర్యకు వీలుంటుంది, ఆరోపణను నిరూపించలేకపోవడం ఒక్కటే అందుకు కారణం కాదు. ఇటు ఆయన మిమ్మల్ని కలిసి, నోటీసు వచ్చింది ఏం చేయమంటారని అడిగితే, గడువులోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వమని, మెసేజ్‌లేవీ తుడిచేయవద్దని, ఈ విషయమై ఆమెను ఏ రూపంలోనూ సంప్రదించవద్దని చెప్పండి. జవాబు రాయడానికి న్యాయవాది సలహా ఆయన తీసుకోవచ్చు గానీ, కమిటీ ముందు ఇరువైపులా ఎవరి తరఫునా న్యాయవాది హాజరు కావడానికి వీల్లేదు.

చివరగా, నిన్నటి నుంచి మీకు తెలిసినదంతా ఈ రోజే ఒక కాగితం మీద రాసుకోండి. ఈమెయిల్ ఎన్ని గంటలకు వచ్చింది, ఆమె మీతో నోటితో ఏమైనా చెప్పి ఉంటే ఆమె మాటల్లోనే ఏం చెప్పింది, మీరు ఏం జవాబిచ్చారు, ఆ మీటింగుల్లో మీరుంటే స్వయంగా ఏం విన్నారు, ఇవన్నీ రాయండి. మీరు ఊహించినది, మీకు అనిపించినది అందులో రాయవద్దు. కమిటీ మిమ్మల్ని సాక్షిగా పిలిస్తే ఆ కాగితం చూసుకుని, కన్నది కన్నట్టు, విన్నది విన్నట్టు చెప్పండి.