ఇప్పొన్, నిహొన్, సంబొన్: బట్టీ పట్టకుండా ఎలా గుర్తుంచుకోవడం?

ప్రశ్న: జపనీస్ మొదలుపెట్టి మూడు నెలలైంది. మనుషులకి ఒక లెక్క, కాగితాలకి ఒక లెక్క, పెన్సిళ్లకి ఇంకో లెక్క. అది చాలదన్నట్టు ఒకటి, రెండు, మూడు పెన్సిళ్లని ఇప్పొన్, నిహొన్, సంబొన్ అని ఒక్కో అంకెకీ ఒక్కోలా పలుకుతున్నారు. దీని వెనక ఏదైనా లాజిక్ ఉందా, లేక మొత్తం బట్టీయేనా?

జవాబు:

లాజిక్ ఉంది. తెలుగువాళ్లకి, అందులోనూ పక్కన కన్నడం మాట్లాడేవాళ్లని విన్నవాళ్లకి, అది తేలిగ్గానే పట్టుబడుతుంది. నేను ఒసాకా వచ్చిన కొత్తలో పట్టికలు గోడకి అంటించుకుని ఆరు నెలలు బట్టీ పట్టాను. పలకడం వచ్చిందిగానీ వినడం రాలేదు. అసలు ఇబ్బంది వినడం దగ్గరే వస్తుంది.

ఒకసారి మా ఆఫీసువాళ్లం నలుగురం ఒక యాకితొరి కొట్టుకి వెళ్లాం. యాకితొరి అంటే కోడిమాంసం ముక్కలు పుల్లకి గుచ్చి నిప్పుల మీద కాల్చి ఇస్తారు. పొడవాటి వాటిని లెక్కపెట్టే మాట "హొన్", పుల్ల పొడవుగా ఉంటుంది కాబట్టి దాని లెక్క హొన్‌లో. బీరు సీసాలూ హొన్‌లోనే. ఆర్డర్ నేనే చెప్తానని ముందుకెళ్లి, మూడు సీసాలకి "సన్‌హొన్" అన్నాను, ఆరు పుల్లలకి "రొకుహొన్" అన్నాను. కొట్టాయన ఏమీ అనుకోకుండా "సంబొన్, రొప్పొన్" అని సరిచేసి తిరిగి పలికి రాసుకున్నాడు. తప్పు పలికినా వాళ్లకి అర్థమైపోతుందన్నమాట. ఆ తర్వాత ఆయనే ఏదో అడిగాడు, అందులో నాకు "హప్పొన్" అన్నది ఒక్కటే వినిపించింది. ఎనిమిది అంటే "హచి" అని మాత్రమే నా బుర్రలో ఉంది, ఈ హప్పొన్‌లో హచి ఎక్కడుందో తోచలేదు. సరేనని తలూపాను. ఆరుకి బదులు ఎనిమిది పుల్లల సెట్టు వచ్చింది. ఆయన అడిగింది సెట్టు అయితే ఎనిమిదొస్తాయి, ఫరవాలేదా అనట!

ఇక కారణానికి వద్దాం. మన "పాలు" కన్నడంలో "హాలు". పులి హులి, పండు హణ్ణు. పాత కన్నడంలోనూ మొదట "ప" ఉండేది, కాలక్రమంలో మాట మొదట్లో ఉన్న ప అక్కడ హ అయింది. కానీ ఒత్తుతో ఉన్న ప మాత్రం చెక్కుచెదరలేదు: ఉప్పు ఉప్పుగానే ఉంది, అప్ప అప్పగానే ఉంది. జపనీస్‌లో జరిగింది దాదాపు ఇదే. ఈ రెండు భాషలకీ చుట్టరికం ఉందని చెప్పడం లేదు, ప సడలి హ కావడం చాలా భాషల్లో జరిగే మార్పే. జపనీస్‌లో ఇప్పుడు హ వరసలో ఉన్న మాటలు చాలా పాతకాలంలో ప-తో ఉండేవి, తర్వాత "ఫ" లాంటి మెత్తటి శబ్దమయ్యాయి, చివరికి హ అయ్యాయి. 1603లో నాగసాకిలో క్రైస్తవ మిషనరీలు అచ్చువేసిన జపనీస్-పోర్చుగీస్ నిఘంటువులో ఈ హ వరస మాటలన్నీ పోర్చుగీస్ వాళ్ల ఎఫ్ అక్షరంతోనే ఉంటాయి. మీరు నేర్చుకున్న హిరగనలో కూడా ఆ జాడ ఉంది చూడండి, "హ" అక్షరం మీద చిన్న సున్న చుడితే "ప" అవుతుంది, రెండు గీతలు పెడితే "బ" అవుతుంది.

అంటే "హొన్" అసలు రూపం "పొన్" అనుకోండి. ముందున్న అంకె అచ్చుతో అయిపోతే ప ఒంటరిగా నిలబడి హ అయిపోయింది, అందుకే రెండు ని-హొన్, అయిదు గొ-హొన్, తొమ్మిది క్యూ-హొన్. ముందున్న అంకె హల్లుతో ఆగిపోయేదైతే ఆ హల్లు ప-తో కలిసి ఒత్తయింది, ఒత్తులో ఉన్న ప బతికిపోయింది.

మరి ఏ అంకెలు హల్లుతో ఆగేవి? ఈ అంకెలు చైనా నుంచి వచ్చినవి. కాంటనీస్ మాట్లాడే వాళ్లని అంకెలు చెప్పమంటే ఇప్పటికీ ఒకటి "యత్", ఆరు "లుక్", ఎనిమిది "బాత్", పది "సప్", వంద "బాక్" అంటారు, అన్నీ చివర టక్కున ఆగిపోతాయి. జపనీస్ నోటికి అలా హల్లుతో ఆపడం కుదరక చివర ఒక అచ్చు తగిలించారు, ఇచి, రొకు, హచి అయ్యాయి. కానీ వెనక ప వచ్చి తగిలినచోట అచ్చు అవసరం పడలేదు, ఇప్పొన్, రొప్పొన్, హప్పొన్, జుప్పొన్, హ్యప్పొన్ అయ్యాయి. మీరు గుర్తుంచుకోవాల్సింది 1, 6, 8, 10, 100 మాత్రమే. వీటిలో ఎనిమిదికి "హచిహొన్" అన్నా తప్పు పట్టరు. పదికి పాత రూపం "జిప్పొన్", బయట జనం జుప్పొన్ అంటారు. 2010లో ప్రభుత్వం కాంజీ అక్షరాల పట్టికని సవరించినప్పుడు జు- రూపాన్ని కూడా ఒప్పుకుంది.

దేశం పేరులోనూ ఇదే కథ. నిప్పొన్, నిహొన్ రెండూ ఒకే మాట. కాకపోతే దేశం పేరైన నిహొన్‌కీ, "రెండు పుల్లలు" అనే నిహొన్‌కీ స్వరంలో తేడా ఉంది. రెండు పుల్లలు అన్నప్పుడు "ని" ఎత్తి వెంటనే దించుతారు, దేశం పేరులో "హొ" దాకా ఎత్తి ఆ తర్వాత దించుతారు.

మూడు దగ్గర మాత్రం వేరే సంగతి. స్కూల్లో సరళాదేశ సంధి చదివారు కదా, పూచెను + కలువలు = పూచెనుఁ గలువలు. ద్రుతం, అంటే నకారం, వెనక పరుషం వస్తే సరళమవుతుంది: క గ అవుతుంది, ప బ అవుతుంది. సన్ + పొన్ కూడా అలాగే సన్‌బొన్ అయింది. పలికేటప్పుడు బ ముందున్న న్ కాస్తా మ్ అయిపోతుంది, కాబట్టి తెలుగులో సున్నాతో "సంబొన్" అని రాసుకుంటే ఉన్నదున్నట్టే. "ఎన్ని?" అంటే నంబొన్, వెయ్యికి సెంబొన్, ఇవన్నీ అదే దారి.

అయితే యొన్ కూడా న్‌తోనే అయిపోతుంది కదా, నాలుగుకి యొంబొన్ ఎందుకు కాదు అని మీరు తప్పకుండా అడుగుతారు. యొన్ చైనా నుంచి వచ్చిన అంకె కాదు, జపాన్ వాళ్ల సొంత మాట. చైనా నుంచి వచ్చిన నాలుగు "షి", చావు అన్న మాటా షి యే కాబట్టి చాలా చోట్ల దాన్ని పక్కనపెట్టి సొంత మాట పెట్టుకున్నారు. అలా తర్వాత వచ్చి చేరింది కాబట్టి పాత సంధి దీనికి పట్టలేదు, యొన్‌హొన్ అంటారు. ఏడు కూడా అంతే, సొంత మాట "నన" వాడి ననహొన్ అంటారు.

ఇప్పుడు పల్చటి వాటి లెక్క, "మై". కాగితాలు, టికెట్లు, స్టాంపులు, ప్లేట్లు, చొక్కాలు, ఇవన్నీ మైలోనే. ఇచిమై, నిమై, సన్‌మై, యొన్‌మై, గొమై, రొకుమై, ఏ మార్పూ లేదు. ఎందుకు లేదంటే ఒత్తు పుట్టేది, మెత్తబడేది పరుషాలే. మకారం పరుషం కాదు. మీ పట్టికలో మైకి పేజీ ఖర్చు పెట్టకండి, సూపర్ మార్కెట్లో బ్రెడ్ ప్యాకెట్ చూస్తే చాలు. దాని మీద ఎన్ని ముక్కలుగా కోశారో మైలోనే రాసి ఉంటుంది. మా ఒసాకా వైపు 5 ముక్కల లావు ప్యాకెట్ "గొమై గిరి" ఎక్కువ, టోక్యో వైపు 6, 8 ముక్కలవి ఎక్కువ.

మైలో జాగ్రత్త పడాల్సింది ఒక్క ఏడు దగ్గర. "షిచిమై" అనొచ్చు, తప్పు లేదు, కానీ గోలగా ఉన్నచోట అది "ఇచిమై"లా వినిపిస్తుంది. ఊరి నుంచి అమ్మా నాన్నా, అక్కావాళ్లూ వచ్చినప్పుడు ఒక టికెట్ కౌంటర్‌లో నేను ఏడు టికెట్లకి షిచిమై అన్నాను, ఆ అమ్మాయి ఒకటే కొట్టి ఇచ్చింది. వెనక క్యూ ఉంది, టెన్షన్‌లో వేళ్లు చూపించి అడగాల్సి వచ్చింది. అప్పటి నుంచి నేను "ననమై" అనే అంటాను, మీరూ అదే అలవాటు చేసుకోండి.

మనుషుల లెక్క మనకి అస్సలు కొత్త కాదు. పెన్సిళ్లు రెండు, మూడు అంటాం, మనుషుల్ని ఇద్దరు, ముగ్గురు అంటాం. ఏడుగురు దాకా అలా వెళ్లి, ఎనిమిది వచ్చేసరికి మాటల్లో "ఎనిమిది మంది" అనేస్తాం. జపాన్ వాళ్లు ఆ సొంత మాటల్ని రెండు దాకానే ఉంచుకున్నారు: హితొరి ఒకరు, ఫుతరి ఇద్దరు. మూడు నుంచి అంకెకి "నిన్" చేర్చడమే, సన్నిన్, గొనిన్, రొకునిన్. నిన్ కూడా నకారంతో మొదలవుతుంది, పరుషం కాదు, కాబట్టి ఒత్తులూ లేవు, బ-లూ లేవు. నలుగురు ఒక్కటి చూసుకోండి, అది "యొనిన్", యొన్నిన్ కాదు. "షినిన్" అంటే శవం అన్న మాట అయిపోతుంది, అది మాత్రం వద్దు.

హోటల్ గుమ్మం దగ్గర వాళ్లు మర్యాదగా "నన్‌మే సమ" అని అడుగుతారు, ఎంతమంది అని. "మే" అన్నది వాళ్లు మనకిచ్చే గౌరవం, మన గురించి మనం చెప్పుకునేటప్పుడు "ఫుతరి దెస్", "యొనిన్ దెస్" అంటే సరిపోతుంది. ఇంకో సంగతి, హితొరి, ఫుతరి మాటలు విడిగా ఒకటి, రెండుకే. పదకొండు మంది జూఇచినిన్, పన్నెండు మంది జూనినిన్. మెనూలో ఒక మనిషికి సరిపడా వంటకాన్ని కూడా "ఇచినిన్ మయె", ఇద్దరికైతే "నినిన్ మయె" అంటారు, అక్కడ హితొరి రాదు.

ఇప్పుడు అదే కొట్టుకి మళ్లీ వెళ్లారనుకోండి. గుమ్మంలో యొనిన్. కూర్చున్నాక చిన్న ప్లేట్లు నాలుగు కావాలి, తొరిజర యొన్‌మై. బీరు సీసాలు మూడు, సంబొన్. పుల్లలు ఆరు, రొప్పొన్. ఒకే నాలుగు మనుషులకి యొ, ప్లేట్లకి యొన్ అయింది, మూడులో ఒక బ పుట్టింది, ఆరులో ఒక ఒత్తు పడింది. ఆయన "హప్పొన్?" అంటే ఈసారి మీకు ఒత్తు వినిపిస్తుంది. ఒత్తు వినపడిందంటే అది 1, 6, 8, 10, 100లో ఒకటి, మొదటి అక్షరం "హ" కాబట్టి ఎనిమిది. వినడానికి నేను చేసిన సాధన ఇదే, ముందు ఒత్తు పట్టుకుని, తర్వాత మొదటి అక్షరం చూసుకోవడం.

ఇదే పట్టిక చిన్న జంతువుల లెక్కకీ (ఇప్పికి, సంబికి, రొప్పికి), గ్లాసుల లెక్కకీ (ఇప్పై, సంబై, రొప్పై) ఉన్నదున్నట్టు సరిపోతుంది. నిమిషాలకి మాత్రం వాడకండి. అక్కడ మూడుకి సంపున్, నాలుగుకి యొంపున్ అంటారు, బ రావాల్సిన చోట ప వస్తుంది, సంధి పట్టదన్న నాలుగులోనూ మార్పు వస్తుంది. ఆ రెండూ నేనూ విడిగానే నేర్చుకున్నాను.